గని నుంచి ఫ్యాక్టరీకి పోయే బండకు లోపలి ధర ఎంత వేయాలి?

ప్రశ్న: మాది యర్రగుంట్ల పక్కన నాపరాయి కంపెనీ. గని ఒక విభాగం, పాలిష్ ఫ్యాక్టరీ ఇంకో విభాగం, ఎవరి లాభనష్టాల లెక్క వాళ్లది. గని నుంచి ఫ్యాక్టరీకి పోయే బండకు అడుగుకు 18 రూపాయలు వేస్తున్నాం. గని లాభం చూపిస్తోంది, ఫ్యాక్టరీ నష్టం చూపిస్తోంది. ఫ్యాక్టరీ మేనేజరు ధర తగ్గించమంటాడు, గని మేనేజరు కుదరదంటాడు. ఈ జేబులోంచి ఆ జేబులోకి పోయే డబ్బే కదా, ఎంత వేస్తే ఏముంది? అసలు ఎంత వేయాలి?

జవాబు:

జేబు మాట సగం వరకే నిజం. నెల గడిచిపోయాక, జరిగిపోయిన పనికి లెక్క రాసేటప్పుడు లోపలి ధర ఎంత వేసినా కంపెనీ మొత్తం లాభం మారదు. కానీ ఆ ధరను చూసుకునే మీ మేనేజర్లు వచ్చే నెల ఏ ఆర్డరు పట్టాలి, ఏది వదలాలి, బండ ఎక్కడ కొనాలి అన్నది తేల్చుకుంటారు. కంపెనీ డబ్బు పోయేది అక్కడ.

మీ ఖర్చులు రాయలేదు కాబట్టి ఊహించిన అంకెలతో వేసి చూపిస్తాను. మీ పుస్తకంలోని అంకెలు పెట్టి మళ్లీ చేసుకోండి. అడుగు అంటే అంతటా చదరపు అడుగే.

గని నెలకు లక్ష అడుగులు తీయగలదు. తీస్తున్నది 70,000. అందులో 40,000 మీ ఫ్యాక్టరీకి, 30,000 బయటి పాలిష్ యూనిట్లకు పోతున్నాయి. ఒక అడుగు ఎక్కువ తీస్తే పెరిగే ఖర్చు, అంటే కూలి, డీజిల్, బ్లేడ్లు, ప్రభుత్వానికి కట్టే సీనరేజి కలిపి 9 రూపాయలు. తీసినా తీయకపోయినా పడే నెల ఖర్చు 4,20,000. బయట అమ్మే ధర 16, అందులో కమీషనుకు, లోడింగుకు ఒక రూపాయి పోతుంది.

ఫ్యాక్టరీలో కరెంటు, పాలిష్ రాళ్లు, అంచు కోత, కూలి కలిపి అడుగుకు 8 రూపాయలు. నెల ఖర్చు 2,50,000. పాలిష్ చేసిన బండ 30 రూపాయలకు అమ్ముతుంది. వృథాను ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను, దాని సంగతి తర్వాత వస్తుంది.

ఇప్పుడు లోపలి ధర 18 వేద్దాం. గనికి ఫ్యాక్టరీ అడుగుల మీద 9 చొప్పున 3,60,000 మిగులుతుంది. బయటి అడుగుల మీద 6 చొప్పున 1,80,000. నెల ఖర్చు తీసేస్తే గని లాభం 1,20,000. ఫ్యాక్టరీకి అడుగుకు మిగిలేది 30 లోంచి 8, 18 తీసేస్తే 4, మొత్తం 1,60,000. నెల ఖర్చు పోను 90,000 నష్టం. కంపెనీకి కలిపి 30,000 లాభం.

అదే ధర 14 అనుకోండి. గనికి 40,000 నష్టం, ఫ్యాక్టరీకి 70,000 లాభం. కలిపితే మళ్లీ అదే 30,000. నాలుగు రూపాయల తేడా నలభై వేల అడుగుల మీద 1,60,000 అవుతుంది, ఆ మొత్తం ఒకరి లెక్కలోంచి లేచి ఇంకొకరి లెక్కలో కూర్చుంటుంది. గనిలో ఒక్క బ్లేడు ఆదా కాలేదు, ఫ్యాక్టరీలో ఒక్క అడుగు ఎక్కువ అమ్ముడు పోలేదు. అయినా ఒకాయన సమర్థుడయ్యాడు, ఇంకొకాయన చేతకానివాడయ్యాడు. బోనస్ ఈ లాభాన్ని బట్టి ఇస్తుంటే వాళ్ల గొడవలో ఆశ్చర్యమేమీ లేదు.

మీ 18 ఎలా పుట్టిందో కూడా ఊహించవచ్చు. నెల ఖర్చు 4,20,000ను 70,000 అడుగులకు పంచితే అడుగుకు 6. దానికి 9 కలిపితే 15. మీద 20 శాతం లాభం వేస్తే 18. చాలా కంపెనీల్లో ఇలాగే వేస్తారు, చూడటానికి న్యాయంగానే ఉంటుంది. చిక్కు ఆ 6 రూపాయల్లో ఉంది. అది గనికి ఎలాగూ పడే ఖర్చు. కానీ అడుగు ధరలో కలిసిపోయి ఫ్యాక్టరీకి చేరేసరికి, తాను ఒక అడుగు తక్కువ తీసుకుంటే ఆ 6 కూడా మిగులుతుందని ఫ్యాక్టరీ మేనేజరుకు కనిపిస్తుంది. నిజానికి కంపెనీకి మిగిలేది 9 మాత్రమే.

దీని ఫలితం ఒక ఆర్డరుతో చూద్దాం. బెంగళూరు బిల్డరు ఒకాయన 10,000 అడుగులు కావాలన్నాడు, 24 రూపాయలకు మించి ఇవ్వనన్నాడు. ఫ్యాక్టరీ మేనేజరు లెక్క: 24 లోంచి 8, 18 పోతే అడుగుకు 2 రూపాయల నష్టం. వద్దంటాడు. ఆయన స్థానంలో ఎవరున్నా వద్దనే అంటారు. కానీ గనిలో 30,000 అడుగుల సామర్థ్యం ఖాళీగా ఉంది కదా. కంపెనీకి ఆ ఆర్డరు మీద పడే అసలు ఖర్చు 8, 9 కలిపి 17. అడుగుకు 7 రూపాయలు, మొత్తం 70,000 వచ్చేది. నెలకు 30,000 లాభం చూస్తున్న కంపెనీ 70,000 తెచ్చే ఆర్డరును వాపసు పంపింది. ఇది ఏ లెక్కల పుస్తకంలోనూ కనిపించదు, రాని డబ్బుకు పద్దు ఉండదు కాబట్టి.

ఇంకో దారిలో కూడా పోతుంది. బయటి గని బండ మీ ఫ్యాక్టరీ గేటుకు 17కు వస్తుందనుకోండి. ఫ్యాక్టరీ మేనేజరు 10,000 అడుగులు బయట కొని రూపాయి చొప్పున ఆదా చూపిస్తాడు. కంపెనీ మాత్రం 9తో అయ్యే బండకు 17 చెల్లించి 80,000 పోగొట్టుకుంటుంది. అంతటితో ఆగదు. గనిలో తీసేది 60,000కు పడిపోయింది కాబట్టి పై నెలలో నెల ఖర్చు వాటా అడుగుకు 7 అవుతుంది. మొత్తం 16, మీద 20 శాతంతో లోపలి ధర 19.20. ఫ్యాక్టరీ ఇంకా బయటికే పోతుంది, ధర ఇంకా పెరుగుతుంది. మీ దగ్గర గత ఆరు నెలల్లో లోపలి ధర పెరుగుతూ, ఫ్యాక్టరీ తీసుకునే అడుగులు తగ్గుతూ వస్తుంటే ఈ సుడిలో పడ్డారని గుర్తు.

మరి ఎంత వేయాలి? కింది హద్దు తేలిక: ఒక అడుగు తీయడానికి పెరిగే ఖర్చు, దానికి తోడు ఆ అడుగును లోపలికి ఇచ్చినందుకు బయట వదులుకున్న లాభం. గని ఖాళీగా ఉంటే వదులుకున్నదేమీ లేదు, హద్దు 9 దగ్గరే. గని లక్ష అడుగులూ అమ్ముడయ్యే నెలలో అయితే లోపలికి ఇచ్చే ప్రతి అడుగూ బయటి కొనుగోలుదారు నోటి దగ్గరిది తీసి ఇస్తున్నట్టు. బయట మిగిలేది 16 లోంచి కమీషను రూపాయి, ఖర్చు 9 పోతే 6. కాబట్టి హద్దు 15. పై హద్దు ఫ్యాక్టరీ బయట కొనగలిగే ధర, ఇక్కడ 17. అంతకంటే ఎక్కువ వేస్తే బలవంతం చేసినట్టే. మీ 18 ఈ రెండు హద్దుల మధ్యలోనే లేదు.

ఈ మాట కొత్తదేమీ కాదు. లోపలి ధర తయారుచేసే విభాగపు అదనపు ఖర్చును అనుసరించాలని, పోటీ ఉన్న బయటి మార్కెట్ ఉన్నచోట మార్కెట్ ధరను అనుసరించాలని జాక్ హిర్ష్‌లైఫర్ అనే అర్థశాస్త్రవేత్త 1956లోనే చూపించాడు. మన దగ్గర చాలామంది ఆడిటర్లు రెండో సగం మాత్రమే పట్టుకుని మార్కెట్ ధర వేసెయ్యమంటారు. మార్కెట్ ధర వేయాలంటే ఆ ధరకు గని తీయగలిగినదంతా నిజంగా అమ్ముడవ్వాలి. మీ గనిలో 30,000 అడుగులు కొనేవాళ్లు లేక ఆగి ఉన్నాయంటే 16 అనేది మిగిలిన అడుగులకు వచ్చే ధర కాదు. పైగా 16 వేస్తే ఆ బెంగళూరు ఆర్డరు మీద ఫ్యాక్టరీకి సరిగ్గా సున్నా మిగులుతుంది. సున్నా కోసం ఎవరు పూనుకుంటారు?

అలాగని ధర 9 చేసేస్తే గని మేనేజరు మెడకు ఉరి పడుతుంది. ఫ్యాక్టరీకి ఇచ్చిన 40,000 అడుగుల మీద పైసా మిగలదు, గని లెక్కలో 2,40,000 నష్టం. ఆయన లారీలు ఆలస్యం చేస్తాడు, మంచి బండ బయటికి పంపుతాడు. గని నిండా ఆర్డర్లున్న నెలలో 9 ఇంకా ప్రమాదం. 22 రూపాయల ఆర్డరు వస్తే ఫ్యాక్టరీకి 5 మిగులుతున్నట్టు కనిపించి ఒప్పుకుంటుంది. కంపెనీకి మాత్రం 22 లోంచి 8, 15 పోతే రూపాయి నష్టం.

మీలాంటి కంపెనీకి నేను చెప్పేది ధరను రెండు ముక్కలు చేయమని. ఫ్యాక్టరీ నెలకు 40,000 అడుగులు తనకు కేటాయించి ఉంచినందుకు గనికి ఒక నెలకట్టు మొత్తం ఇస్తుంది, 2,60,000 అనుకుందాం. తీసుకున్నా తీసుకోకపోయినా అది కట్టాల్సిందే. ఆ పైన తీసుకున్న ప్రతి అడుగుకూ 9 ఇస్తుంది. లెక్క వేసి చూడండి: గనికి 2,60,000, బయటి అమ్మకాల 1,80,000, నెల ఖర్చు పోను 20,000 లాభం. ఫ్యాక్టరీకి అడుగుకు 13 చొప్పున 5,20,000, అందులో నెలకట్టు, తన నెల ఖర్చు పోను 10,000 లాభం. మొత్తం మళ్లీ 30,000. ఇద్దరూ నిలబడ్డారు, అడుగు ధర మాత్రం నిజమైన ఖర్చు దగ్గరే ఉంది.

40,000 దాటిన అడుగులకు విడిగా ఒక ధర పెట్టండి. ఖాళీ నెలల్లో 9 కాకుండా 11 వేయమంటాను. అప్పుడు బెంగళూరు ఆర్డరు మీద గనికి 20,000, ఫ్యాక్టరీకి 50,000 వస్తాయి. ఆ రెండు రూపాయలు లేకపోతే గని మేనేజరుకు అదనపు పని తప్ప ఏమీ మిగలదు, ఆ ఆర్డరుకు బండ సమయానికి రాదు. దీనివల్ల ఒక చిన్న నష్టం ఉంది: 17కు, 19కు మధ్య ధర పలికే ఆర్డర్లను ఫ్యాక్టరీ వదిలేస్తుంది. అలాంటివి అరుదు కాబట్టి భరించవచ్చు. గని నిండిన నెలలో మాత్రం అదనపు అడుగు ధర 15. కేటాయించిన అడుగుల్లో కొన్ని ఫ్యాక్టరీ వదులుకుంటే గని అడుగుకు 6 చొప్పున దానికి జమ చేయాలి. అలా చేస్తేనే 22 రూపాయల ఆర్డరు కోసం బండ వాడాలా, గనికి వదిలేయాలా అన్నది ఫ్యాక్టరీ సరిగ్గా తేల్చుకుంటుంది.

గని నిండిందని ఎవరు చెప్పాలి? గని మేనేజరు మాట ఒక్కటే తీసుకోకండి, 15 పలికినప్పుడల్లా ఆయనకు గని నిండినట్టే కనిపిస్తుంది. ప్రతి నెలా 25న చేతిలో ఉన్న బయటి ఆర్డర్లు, ఫ్యాక్టరీ కేటాయింపు కలిపి 90,000 అడుగులు దాటితే పై నెల నిండిన నెల అని ముందే రాసుకోండి. దానికి సాక్ష్యం యార్డులో ఉంటుంది. గని ముందు పేర్చిన బండల వరుసలు రెండు వారాలుగా కదలకుండా ఉంటే ఆర్డర్ల పుస్తకం ఏం చెప్పినా గని నిండలేదు.

ఆ 9 రూపాయలు కూడా ముందుగా ఖాయం చేసిన ప్రామాణిక ఖర్చు కావాలి, నెల చివర తేలిన అసలు ఖర్చు కాకూడదు. ఈ నెల బ్లేడ్లు ఎక్కువ అరిగి, యంత్రాలు ఉత్తపుణ్యానికి తిరిగి, ఖర్చు 10.20కి పోయిందనుకోండి. అసలు ఖర్చు వేస్తే ఆ 1.20 నేరుగా ఫ్యాక్టరీ నెత్తిన పడుతుంది, గని మేనేజరుకు దాన్ని తగ్గించాలన్న పట్టింపు ఉండదు. ఆరు నెలలకొకసారి ఖాయం చేసి, మధ్యలో సీనరేజి మారినప్పుడు, డీజిల్ ధర మారినప్పుడు మాత్రమే సవరించండి. ఆ రెండూ ఆయన చేతిలో లేనివి. బ్లేడు అరుగుదల ఆయన చేతిలోదే.

ఇక వృథా. నాపరాయి కంపెనీల్లో లోపలి ధర గొడవల్లో సగం నిజానికి కొలత గొడవలే. గని దగ్గర ముడి అంచులతో కొలిచిన 1,000 అడుగులు ఫ్యాక్టరీలో అంచులు కోసి, పగిలినవి తీసేసి పాలిష్ అయ్యేసరికి 880 అడుగులే తేలాయనుకోండి. అప్పుడు 18 రూపాయల బండ ఫ్యాక్టరీకి పడేది 18కి కాదు, అమ్మే అడుగు మీద 20.45కు. ఆ పోయిన 120 అడుగులు ఎవరి లెక్కలో పడాలన్నది తేల్చకుండా ధర ఎంత సవరించినా గొడవ తీరదు. లారీ దిగేటప్పుడు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇద్దరి మనుషులూ కలిసి కొలవాలి. పగులు ఉన్నది, దారిలో విరిగింది గనికి తిరుగు పద్దు. మిషను మీద విరిగింది ఫ్యాక్టరీది. అంచు కోతకు ఒక శాతం ముందే ఒప్పుకోవాలి, మూడు నాలుగు లారీలు దగ్గరుండి కొలిస్తే ఆ శాతం తేలుతుంది.

రకాల సంగతి దీనికంటే తెలివిగా జరుగుతుంది. మీ 18 అన్ని బండలకూ ఒకటేనా? అయితే గని మేనేజరు సమంగా చీలిన, మందం సరిగ్గా ఉన్న పెద్ద సైజు బండలను ఎక్కువ ధరకు బయట అమ్ముకుని, మందం ఎగుడుదిగుడుగా ఉన్నవి, చిన్నవి ఫ్యాక్టరీకి తోలుతాడు. లోపల ఏది పంపినా అదే ధర కదా. మందం సమంగా లేని బండకు మిషను మీద సమయం ఎక్కువ పడుతుంది, పాలిష్ రాళ్లు ఎక్కువ అరుగుతాయి, విరిగే బండలు పెరుగుతాయి. ఆ ఖర్చు ఫ్యాక్టరీ 8 రూపాయలను 9, 10 చేసి కూర్చుంటుంది. అందరూ ఫ్యాక్టరీలో పని బాగాలేదంటారు. గని బయటి అమ్మకాల బిల్లులు, ఫ్యాక్టరీ గేటు చీటీలు పక్కపక్కన పెట్టి సైజులవారీగా చూడండి. మంచి సైజుల్లో ఫ్యాక్టరీ వాటా మొత్తం అడుగుల్లో దాని వాటా కంటే బాగా తక్కువగా ఉంటే ఇదే జరుగుతోంది. సైజును, మందాన్ని బట్టి రెండు మూడు రకాలు చేసి, రకానికో ధర పెడితే సరిపోతుంది. అంతకంటే ఎక్కువ రకాలు పెడితే గేటు దగ్గర తగాదాకే సమయం చాలదు.

పన్ను గురించి మీరు అడగలేదు గానీ, ధర మార్చగానే మీ అకౌంటెంటు అడుగుతాడు. గని, ఫ్యాక్టరీ రెండూ ఆంధ్రప్రదేశ్‌లో ఒకే జీఎస్టీ నంబరు కింద ఉంటే వాటి మధ్య బండ కదలడం అమ్మకం కాదు, డెలివరీ చలానా మీద పోతుంది, లోపలి ధర మీ సొంత లెక్కకే. రెండింటికీ వేరు నంబర్లుంటే, లేదా బెంగళూరు డిపోకు సరుకు పంపుతుంటే, ఒకే కంపెనీ అయినా అది సరఫరా కిందికే వస్తుంది, పన్ను వేయాలి. అందుకున్న చోట పూర్తి ఇన్‌పుట్ క్రెడిట్ వచ్చేదుంటే ఇన్‌వాయిస్‌లో వేసిన విలువనే మార్కెట్ విలువగా తీసుకుంటారని నిబంధన 28 చెబుతుంది. ఆ ఇన్‌వాయిస్ ధరే మీ విభాగాల లాభం కొలిచే ధర కావాలని ఎక్కడా లేదు. రెండింటినీ విడిగా ఉంచుకోవచ్చు. సీనరేజి తీసిన పరిమాణాన్ని బట్టి పడుతుంది, లోపలి ధర పెంచినా తగ్గించినా అది మారదు.

ఒక్క చోట మాత్రం లోపలి ధర కంపెనీ లాభాన్ని కాగితం మీద తప్పుగా పెంచేస్తుంది. మార్చి 31న ఫ్యాక్టరీ యార్డులో గని నుంచి వచ్చిన 5,000 అడుగులు పాలిష్ కాకుండా మిగిలాయనుకోండి. ఫ్యాక్టరీ వాటిని 18 చొప్పున 90,000గా సరుకులో చూపిస్తుంది. కంపెనీకి వాటి ఖర్చు 15 చొప్పున 75,000. తేడా 15,000ను గని ఇప్పటికే లాభంగా రాసుకుంది, కానీ బయటివాడెవడూ ఇంకా కొనలేదు. రెండు విభాగాల లెక్కలు కలిపేటప్పుడు సరుకు విలువలోంచి, లాభంలోంచి ఆ 15,000 తీసేయాలి. కిందటి ఏడాది మార్చి సరుకులో ఇలాంటిదే తీసేసి ఉంటే, ఆ సరుకు ఈ ఏడాది అమ్ముడైంది కాబట్టి ఆ మొత్తాన్ని ఈ ఏడాది లాభానికి తిరిగి కలపాలి. రెండు ముక్కల ధరకు మారాక కూడా ఈ పని తప్పదు. అప్పుడు ఫ్యాక్టరీ సరుకులో అడుగుకు 9 మాత్రమే కనిపిస్తుంది, గని నెల ఖర్చు వాటా అందులో ఉండదు. కంపెనీ లెక్కలో దాన్ని కలిపి 15కు తేవాలి. అంటే ఇదివరకు తీసేసినచోట ఇప్పుడు కలపాల్సి వస్తుంది. ఏప్రిల్ 1 నుంచి మార్చడం మేలు. ఏడాది మధ్యలో మారిస్తే ఒకే గుట్టలో 18 బండ, 9 బండ కలిసిపోయి, ఏది ఎంతదో విడదీయడానికి గేటు చీటీలన్నీ తిరగేయాల్సి వస్తుంది.